పదికి ఆరంటే ఫస్ట్ క్లాసు కాదా?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు వ్యాపారులు, సర్వీసు పనివాళ్ళు కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒకటి కాస్త తగ్గించండి బాబూ, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. కాగితాలంటే పెద్దగా ఏమీ లేవు, రెండు లెక్కలున్నాయి, అంతే. ఆ రెండు లెక్కలు మీకు సరిగ్గా చెప్పగలిగితే ఈ పూట నా పని అయిపోయినట్టే.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ అబ్బాయికి పదికి ఆరు మార్కులు వచ్చాయనుకోండి. ఏమంటారు? ఆఁ, గట్టిగా చెప్పండి. ఫస్ట్ క్లాసు! అరవై శాతం. మనం చదువుకున్న రోజుల్లో అరవై వస్తే ఇంటికి మిఠాయి తెచ్చేవాళ్ళు. ముప్ఫై అయిదు వస్తే పాసు. డెబ్భై అయిదు దాటితే డిస్టింక్షన్, వీధంతా చెప్పుకునేవాళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఫ్రిజ్ బాగుచేయించాకో, బండి సర్వీసు అయ్యాకో, బ్యాంకులో పని ముగిశాకో ఫోనుకి ఒక మెసేజ్ వస్తుంది కదా. 'మమ్మల్ని మీ స్నేహితులకో, బంధువులకో సిఫారసు చేసే అవకాశం ఎంత? 0 నుంచి 10 వరకు చెప్పండి' అని. మీలో చాలామంది దాన్ని చూడకుండానే చెరిపేస్తారు. నేను మాత్రం ఆ మెసేజ్‌కి వచ్చిన జవాబుల మీదే కొన్నేళ్ళు బతికాను. ఇక్కడ బరంపురంలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఒక సర్వీసు సెంటర్ చూసుకునేవాణ్ణి. ఏ కంపెనీదో అడక్కండి. నెల చివర్లో హెడ్డాఫీసు నుంచి ఒక అంకె వచ్చేది. ఒక్కటే అంకె. దాన్ని ఎన్‌పీఎస్ అంటారు, నెట్ ప్రమోటర్ స్కోర్. ఆ అంకె పెరిగితే టీ తాగేవాళ్ళం, తగ్గితే టెన్షన్.

ఇది ఎక్కడినుంచి వచ్చిందంటే, 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికా కన్సల్టెంట్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. పొడుగాటి సర్వేలు ఎందుకు, ఈ ఒక్క ప్రశ్న అడిగితే కంపెనీ ఎదుగుతుందో లేదో తెలిసిపోతుందని ఆయన వాదన. తర్వాత 2007లో కొందరు పరిశోధకులు వేరే డేటాతో సరిచూస్తే, మిగతా కొలతలకంటే ఇది గొప్పదేమీ కాదని తేలింది. ఆ గొడవ పండితులకి వదిలేద్దాం. మన దగ్గరికి వచ్చే అంకెను మనం ఎలా చదవాలన్నదే నాకు ముఖ్యం.

లెక్క ఎలా కడతారో చెప్తాను. 9, 10 ఇచ్చినవాళ్ళు ప్రమోటర్లు, అంటే మన గురించి పదిమందికి మంచి చెప్పేవాళ్ళు. 7, 8 ఇచ్చినవాళ్ళు పాసివ్‌లు, ఎటూ కానివాళ్ళు. 0 నుంచి 6 దాకా ఏది ఇచ్చినా డిట్రాక్టర్లే, మన మీద చెడు చెప్పేవాళ్ళు. ప్రమోటర్ల శాతం లోంచి డిట్రాక్టర్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. అందరూ మంచివాళ్ళయితే 100, అందరూ చెడ్డవాళ్ళయితే మైనస్ 100.

ఇప్పుడు మళ్ళీ మీ అబ్బాయి దగ్గరికి రండి. ఆరు ఇచ్చినవాడు ఎవరు? చెడు చెప్పేవాడు! సున్నా ఇచ్చి తిట్టినవాడూ, ఫస్ట్ క్లాసు ఇచ్చి మెచ్చుకున్నవాడూ ఒకే గంపలో. డిస్టింక్షన్‌కి దగ్గర్లో ఏడు ఇచ్చినవాడు ఆ తీసివేతలోకే రాడు. మన జనం బడిలో నేర్చుకున్న మార్కుల లెక్కతో నొక్కుతారు. ఆ ఫార్ములా కట్టినవాడి మనసులో ఉన్న మార్కుల లెక్క వేరు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

సరే, అసలు కథకి వస్తాను. మా సెంటర్ పరిధిలో బరంపురం ఊరు ఉండేది. ఊరి బయట ఛత్రపురం, ఆస్కా, చికిటి, దిగపహండి వైపు పల్లెలు ఉండేవి. ఒక మూడు నెలలు స్కోరు 30 వచ్చింది. తర్వాత మూడు నెలలూ 30 వచ్చింది. హెడ్డాఫీసు నుంచి మెయిల్: 'స్టేబుల్, గుడ్.' మా మేనేజరుగారు అందరికీ చదివి వినిపించారు. నేనూ నమ్మాను. నిజం చెప్తున్నాను, నేనూ నమ్మాను. 30 అంటే 30 కదా, మార్పేముంది?

కాగితం మీద చూపిస్తాను. అంకెలు తేలికగా ఉండాలని గుండ్రం చేశాను, పద్ధతి మాత్రం జరిగినదే. మొదటి మూడు నెలల్లో 200 జవాబులు వచ్చాయనుకోండి. 90 మంది ప్రమోటర్లు, 80 మంది మధ్యలోవాళ్ళు, 30 మంది డిట్రాక్టర్లు. శాతాల్లో 45, 40, 15. నలభై అయిదులోంచి పదిహేను తీస్తే 30. రెండో మూడు నెలల్లో కూడా 200 జవాబులే. 120 మంది ప్రమోటర్లు, 20 మంది మధ్యలోవాళ్ళు, 60 మంది డిట్రాక్టర్లు. అరవై శాతంలోంచి ముప్ఫై తీస్తే? 30! అంకె కదలలేదు. జనం ఎంత కదిలారో చూశారా? మధ్యలో ఉన్న ఎనభై మంది ఇరవై అయిపోయారు. మిగతావాళ్ళు సగం అటు, సగం ఇటు పోయారు. చెడు చెప్పేవాళ్ళు రెట్టింపయ్యారు. దాన్ని మేం స్టేబుల్ అనుకున్నాం!

తీసివేత అన్నాక ఇంతే కదండీ. షాపులో రోజూ చూస్తూనే ఉంటాం. పదివేలు వచ్చి ఏడువేలు పోయినా మూడువేలే, యాభైవేలు వచ్చి నలభై ఏడువేలు పోయినా మూడువేలే. మిగిలిన మూడువేలు చూసి రెండు రోజులూ ఒకటే అనే వ్యాపారి ఈ గదిలో ఒక్కరైనా ఉన్నారా? లేరు. మరి స్కోరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం జమ, ఖర్చు వదిలేసి మిగిలింది ఒక్కటే చూస్తాం.

అందుకని స్కోరు చేతికి రాగానే నేను దాన్ని పక్కన పెట్టేసి మూడు శాతాలూ అడుగుతాను. ఆ తర్వాత పదకొండు గీతలూ అడుగుతాను. పదకొండే, సున్నాని కూడా కలపాలి. 0 ఎంతమంది, 1 ఎంతమంది, అలా 10 దాకా. అరవై మంది డిట్రాక్టర్లలో యాభై మంది ఆరు నొక్కితే ఒక కథ. యాభై మంది సున్నా, ఒకటి నొక్కితే పూర్తిగా వేరే కథ. ఆ రెండూ ఒకటే అనేవాడికి ఫార్ములా వచ్చు గానీ మనుషులు తెలియదు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళు ఉంటారు.

ఇప్పుడు ఆ రెండో 200ని ఊరివాళ్ళు, బయటివాళ్ళు అని విడగొట్టాను. ఇది నేను ముందే చేయాల్సింది. జాబ్ షీటులో పిన్‌కోడ్ ఉంటుంది, పెద్ద కష్టమేమీ కాదు. బరంపురం ఊళ్ళోవి 140 జవాబులు. అందులో 105 ప్రమోటర్లు, 14 మధ్య, 21 డిట్రాక్టర్లు. డెబ్భై అయిదు శాతంలోంచి పదిహేను తీస్తే 60. చాలా మంచి స్కోరు. బయటివి 60 జవాబులు. 15 ప్రమోటర్లు, 6 మధ్య, 39 డిట్రాక్టర్లు. ఇరవై అయిదులోంచి అరవై అయిదు తీస్తే మైనస్ 40.

ఒక కొంపలో పెళ్ళి, ఇంకో కొంపలో చావు. మధ్యలో నిలబడి సగటున వీధి బాగానే ఉందన్నట్టు!

ఎందుకిలా అయింది? కారణం మా చేతిదే. ఊళ్ళో కంప్లయింటు వచ్చిన రోజే మనిషి వెళ్ళాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఉన్నది అయిదుగురు కుర్రాళ్ళు. బయట తిరిగే ఇద్దరిని కూడా ఊళ్ళోకి మార్చేశాం. బయటికి మంగళవారం, శుక్రవారం మాత్రమే వెళ్ళేట్టు పెట్టాం. ఊళ్ళోవాళ్ళు సంబరపడ్డారు, పొద్దున ఫోను చేస్తే మధ్యాహ్నానికి మనిషి వచ్చేవాడు. మరి బయట?

ఫ్రిజ్ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పాలి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో పైన ఐసు గట్టిగా పేరుకుపోయి కింద చల్లబడటం లేదనుకోండి. సాధారణంగా అది డీఫ్రాస్ట్ గొడవ. హీటరైనా పోయి ఉండాలి, సెన్సారైనా పోయి ఉండాలి, థర్మల్ ఫ్యూజైనా పోయి ఉండాలి. కుర్రాడు వెళ్ళి మీటరు పెట్టి చూస్తేగానీ ఏది పోయిందో తెలియదు. తెలిశాక ఆ మోడల్‌కి సరిపోయే పార్టు కావాలి. ఒకదాని సెన్సారు ఇంకోదానికి పట్టదు. అంటే రెండోసారి వెళ్ళాలి. ఊళ్ళో అయితే సాయంత్రమో మర్నాడో వెళ్తాడు. చికిటిలో అయితే? మంగళవారం చూసి వచ్చాడు, పార్టు తెప్పించాడు, శుక్రవారానికి అందలేదు, మళ్ళీ మంగళవారం. ఎనిమిది రోజులు. వేసవిలో ఎనిమిది రోజులు ఫ్రిజ్ లేకపోతే పాలు, పెరుగు సంగతి వదిలేయండి, ఇంట్లో ఇన్సులిన్ ఉన్నవాళ్ళు ఏం చేస్తారు?

ఆ ముప్ఫై తొమ్మిది మందికీ ఫోన్లు చేశాను. ఒకేసారి కాదు, రోజుకి అయిదారుగురు. మొదట్లో తప్పు ప్రశ్న అడిగాను. 'తక్కువ ఎందుకిచ్చారండీ?' అని. అలా అడిగితే మనవాళ్ళు మొహమాటపడతారు. 'అబ్బే, ఏం లేదు బాబూ, బాగానే చేశాడు పాపం' అంటారు. కుర్రాడి ఉద్యోగం పోతుందేమోనని భయం. తర్వాత ప్రశ్న మార్చాను. 'ఫ్రిజ్ పాడైన రోజు నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పండమ్మా' అని అడిగి ఊరుకున్నాను. అప్పుడు చూడండి, అన్నీ బయటికి వచ్చాయి. ఎన్ని రోజులు, ఎన్ని ఫోన్లు, ఎవరి ఇంట్లో పాలు పెట్టుకున్నారు, ఏ రోజు కోపం వచ్చింది, అన్నీ.

ఆ ఫోన్లలోనే మూడు విచిత్రాలు దొరికాయి.

ఒకాయన సున్నా నొక్కారు. నేను భయపడుతూ ఫోను చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. మరి సున్నా ఎందుకండీ అంటే, 'కంప్లయింట్లు ఏమీ లేవు, అందుకే సున్నా' అన్నారు! మీరు నవ్వుతున్నారు గానీ మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది, ఒడియా కూడా ఉంటుంది, తెలుగు ఉండదు. మనుమడు చదివి చెప్తే వీళ్ళు నొక్కుతారు.

రెండోది ఆ మాటే. సిఫారసు. మనకి సిఫారసు అంటే ఏమిటి? ఎమ్మెల్యేగారి ఉత్తరం. ఉద్యోగానికో, కాలేజీ సీటుకో చేయించుకునేది. ఒడియాలోనూ అదే మాట, దాదాపు అదే వాసన. ఒకాయన నాతో అన్నారు, 'నేనెవరికీ సిఫారసులు చెయ్యను బాబూ, నాకు ఆ అలవాటు లేదు' అని. రెండు నొక్కారు. నిజాయితీపరుడు! మన స్కోరు తగ్గించాడు. పైగా ఆలోచించండి, కంపెనీ ఫ్రిజ్ కొన్నాక సర్వీసుకి ఎవరిని పిలవాలో మన చేతిలో ఉంటుందా? కంపెనీ ఎవరిని పంపితే వాళ్ళే వస్తారు. ఇంక సిఫారసు చేయడానికి ఏముంది? జనం ఫ్రిజ్‌కి మార్కులిస్తారు, పార్టు ధరకి మార్కులిస్తారు, కుర్రాడి మర్యాదకి మార్కులిస్తారు. అన్నీ కలిపి ఒకే అంకె. అందుకే ఆ తర్వాత ఫోనులో 'మీ పక్కింట్లో ఫ్రిజ్ పాడైతే మా గురించి ఏం చెప్తారు?' అని అడిగేవాణ్ణి. చెప్తారా అని కాదు, ఏం చెప్తారు అని.

మూడోది చికిటి మామ్మగారు. ఆవిడ ఆరు నొక్కారు. ఆవిడ గురించి చివర్లో చెప్తాను.

ఇప్పటిదాకా తక్కువ మార్కుల సంగతి చెప్పాను. పదుల సంగతి చెప్పొద్దూ? పదులన్నీ నిజమని ఎవరన్నారు? పని అయ్యాక కుర్రాడు గుమ్మంలో నిలబడి, 'ఆంటీ, మెసేజ్ వస్తుంది, పది నొక్కండి, తొమ్మిది కూడా వద్దు, నాకు ఇన్సెంటివ్ పోతుంది' అంటాడు. ఒక్కోసారి ఫోను తీసుకుని తనే నొక్కేస్తాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. వాడి జీతాన్ని ఆ అంకెకి కట్టేసింది మేమే. కనిపెట్టడం ఎలాగంటే, జాబ్ క్లోజ్ అయిన టైమూ, జవాబు వచ్చిన టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కుర్రాడికి వరసగా రెండు మూడు నిమిషాల్లో వచ్చిన పదులు, కింద ఒక్క మాట కూడా రాయకుండా ఉంటే అనుమానించాలి. నిజమైన పది సాయంత్రం వస్తుంది, భోజనాలయ్యాక. కింద 'గుడ్' అనైనా ఉంటుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటుంది. ఆ మెసేజ్ ఎప్పుడు వెళ్తుంది? జాబ్ క్లోజ్ అయితేనే. మరి పార్టు రాక మూడు వారాలుగా పెండింగులో ఉన్నవాడికి? వెళ్ళదు! అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నవాణ్ణి మేం అడగనేలేదు. విసిగిపోయి కంప్లయింటు క్యాన్సిల్ చేసి బజారు మెకానిక్‌ని పిలుచుకున్నవాణ్ణీ అడగలేదు. మైనస్ 40 అని నేను గుండె పట్టుకున్నాను కదా, అది కూడా పని ఎలాగోలా పూర్తయినవాళ్ళ మాటే. అందుకే స్కోరు పక్కన పెండింగు లిస్టు, క్యాన్సిల్ లిస్టు పెట్టుకోకుండా నేనిప్పుడు ఏ స్కోరూ చదవను.

బాబాయిగారు చెయ్యెత్తారు, అడగండి. ఆఁ... 'అరవై మందితో ఊరంతటి సంగతి చెప్పేస్తారా?' అంటున్నారు. మంచి ప్రశ్న. పూర్తిగా చెప్పలేం. దీనికి ఒక లెక్క ఉంది, తొందరగా చెప్పేస్తాను. ప్రమోటర్ల భాగం, డిట్రాక్టర్ల భాగం కూడండి. అందులోంచి స్కోరు వర్గాన్ని తీసేయండి. వచ్చినదాన్ని జవాబుల సంఖ్యతో భాగించి వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే, స్కోరు అటూ ఇటూ ఎంత ఊగవచ్చో తెలుస్తుంది. మన బయటి అరవై మందికి: 0.25, 0.65 కలిపితే 0.90. మైనస్ 0.40 వర్గం 0.16, తీసేస్తే 0.74. అరవైతో భాగించి మూలం తీస్తే సుమారు 0.11. రెట్టింపు 0.22. అంటే మైనస్ 40కి అటు ఇరవై రెండు, ఇటు ఇరవై రెండు. ఎంత మంచిగా చూసినా మైనస్ 18. సున్నా కిందే. కాబట్టి జబ్బు నిజమే బాబాయ్, ఎంత ముదిరిందన్నదే ఖచ్చితంగా చెప్పలేం.

అదే లెక్క 200 మందికి వేస్తే 30కి అటూ ఇటూ 13 దాకా ఊగుతుంది. ఒక్కో కుర్రాడికి నెలకి ఇరవై జవాబులు వస్తే? అటూ ఇటూ నలభై! అంటే పోయిన నెల 50 ఉన్నవాడు ఈ నెల 20కి పడితే, వాడు ఏ తప్పూ చేయకపోయి ఉండవచ్చు. అలాంటి అంకెలు పట్టుకుని నేను కుర్రాళ్ళని నిలబెట్టి చీవాట్లు పెట్టాను. ఒకడు మానేసి వెళ్ళిపోయాడు కూడా. మంచి పనివాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత ఏం చేశామో చెప్పి ముగిస్తాను, మీ టీలు చల్లారిపోతున్నాయి. ఒక కుర్రాణ్ణి మళ్ళీ బయటికి మార్చాం. ఆ వైపు ఎక్కువగా అమ్ముడుపోయిన మోడళ్ళ లిస్టు తీసి, వాటి సెన్సార్లు, థర్మల్ ఫ్యూజులు, రిలేలు ఒక పెట్టెలో సర్ది బండికి కట్టించాం. ఫోనులోనే మోడల్ నంబరు అడిగి, పైన ఐసు పేరుకుందా అని కూడా అడిగి పంపేవాళ్ళం. చాలా ఇళ్ళల్లో మొదటి రోజే పని అయిపోయేది. తర్వాతి మూడు నెలల్లో బయటి స్కోరు మైనస్ 40 నుంచి మైనస్ 5కి వచ్చింది. ఊళ్ళో ఒక మనిషి తగ్గాడు కాబట్టి 60 కాస్తా 50 అయింది. మొత్తం కలిపితే 33. హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది: 'నో సిగ్నిఫికెంట్ ఇంప్రూవ్‌మెంట్.' లెక్కప్రకారం వాళ్ళన్నదీ తప్పు కాదు, 30కీ 33కీ తేడా ఊగిసలాటలోనే పోతుంది. నేను విడగొట్టిన కాగితాలు జతచేసి పంపాను. జవాబు రాలేదు.

చికిటి మామ్మగారు. ఆవిడ మొదటిసారి ఆరు నొక్కినప్పుడు ఎనిమిది రోజులు ఫ్రిజ్ లేదు. ఫోను చేస్తే వరసగా చెప్పారు. పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో పాలు పెట్టుకుంటే, వాళ్ళ పిల్లలు తాగేసేవారట. అడగటానికి మొహమాటం. ఎనిమిదో రోజు కుర్రాడు ఎండలో వచ్చి చెమటలు కక్కుతూ బాగుచేశాడు, మజ్జిగ కూడా వద్దన్నాడట. అందుకని ఆరు ఇచ్చారు. ఎనిమిది రోజుల కోపమూ, కుర్రాడి మీద జాలీ రెండూ ఆ ఆరులోనే ఉన్నాయి.

తర్వాత వేసవిలో ఆవిడ ఫ్రిజ్ మళ్ళీ మొరాయించింది. ఈసారి పార్టు పెట్టెలోనే ఉంది, రెండు గంటల్లో పనైపోయింది. సాయంత్రం ఆవిడ జవాబు చూశాను. మళ్ళీ ఆరే! గుండె గుభేలుమంది. కింద మనుమడి చేత తెలుగులోనే ఒక మాట రాయించారు: 'కుర్రాడు బాగా చేశాడు. ఫస్ట్ క్లాస్.'